బొంబాయి బస్సు

(చతురస్ర నడక. పల్లవి, చరణాలు తల్లి గొంతు, డప్పుతో)

పల్లవి
బొంబాయి బస్సెక్కి పొయినవు కొడుకా
పాలమూరు యాదికి రాలేదా కొడుకా

చరణం 1
జొన్నచేను ఎండె, బాయడుగు దేలె
గూట్లె దీపమొకటె నాతోని మేలుకొనె

(పల్లవి)

చరణం 2
దసరకొస్తనంటివి, సంక్రాంతి దాటె
వాకిట్ల ముగ్గంత గాలికే పాయె

(పల్లవి)

బ్రిడ్జ్
(కొడుకు గొంతు. డప్పు పూర్తిగా ఆగాలి, తంబూర ఒక్కటే. చరణాలు షడ్జమంలో ఎత్తుకున్నాం, ఇది పంచమంలో ఎత్తుకోవాలి. అదే బాణీలో పాడితే మూడో చరణమైపోతుంది, ఇంకా తల్లే మాట్లాడుతుందనుకుంటారు. "అమ్మా" తర్వాత నాలుగు దెబ్బల మౌనం, తొందరపడి నింపొద్దు.)

అమ్మా...
పద్నాలుగో అంతస్తు, పరంజ మీదున్న
నీ ఫోను మోగితే కాలు వణుకుతున్నది
మేస్త్రి కాడ బాకి సగమన్న తీరలె
మరిచి కాదే అమ్మా,
వట్టి చేతుల్తోని వాకిట్ల నిలవలేక

(ఆఖరి మాట తెగకుండానే తల్లి గొంతు అందుకోవాలి. మొదటి లైను డప్పు లేకుండా, రెండో లైనుకు డప్పు.)

మారిన పల్లవి
బొంబాయి బస్సు దిగి రారాదా కొడుకా
వట్టి చేతుల్తోనే రా, వాకిలున్నది కొడుకా