వార్షిక సర్వసభ్య సమావేశంలో చైర్మన్ ప్రసంగం (సరిచేసిన ప్రతి)
విశాఖపట్నం, సెప్టెంబరు 2025

వాటాదారులకు, తోటి డైరెక్టర్లకు, సిబ్బందికి నమస్కారం.

ఈ సభ కోసం మొదట పదకొండు పేజీలు రాసుకున్నాను. అందులో ‘నేను’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో మా ఇంట్లో లెక్కపెట్టి మరీ చెప్పారు. ఆ కాగితాలు ఇంట్లోనే వదిలేసి వచ్చాను.

లెక్కలు మీ చేతిలో ఉన్న నివేదికలో ఉన్నాయి. 2024-25లో మన రొయ్యల ఎగుమతి కంపెనీ టర్నోవర్ 412 కోట్ల నుంచి 387 కోట్లకు తగ్గింది. ఎర్ర సముద్రం దారి మాని ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లడంతో కిరాయి పెరిగిన మాట నిజం. కానీ నష్టమంతా దాని మీదకు నెట్టేస్తే అబద్ధమాడినట్టే. యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయని మన రొయ్యల కంటైనర్ ఒకటి వెనక్కి వచ్చింది. చెరువు దగ్గర శాంపిల్ పరీక్ష పూర్తి కాకుండానే సరుకు ఎత్తించాం. సీజన్ మంచి ఊపులో ఉంది, తొందరపడమని చెప్పింది నేనే. బాధ్యత నాది. ఇప్పుడు ల్యాబ్ రిపోర్టు చేతికి రానిదే మన లారీ చెరువు గట్టు ఎక్కదు. రైతులు మొదట్లో విసుక్కున్నారు, ఇప్పుడు వాళ్లే ముందుగా శాంపిల్ పంపుతున్నారు.

నవంబరులో ముసురు పట్టిన ఒక రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు. కోల్డ్ స్టోర్ తలుపు తెరవకుండా, సందుల్లో దుప్పట్లు కుక్కి, నైట్ షిఫ్ట్ వాళ్లు తెల్లవారేదాకా థర్మామీటర్ ముందు కూర్చున్నారు. మైనస్ 18 ఉండాల్సింది మైనస్ 15 దగ్గర ఆగింది. సరుకు దక్కింది. నాకు ఫోను పొద్దున ఆరింటికి వచ్చింది, అదీ ‘అంతా బాగుందండీ’ అని చెప్పడానికి. పీలింగ్ షెడ్‌లో ఐసు నీళ్లలో చేతులు పెట్టి పనిచేసే ఆడవాళ్లకు ఈ ఏడాది కొత్త గ్లవ్స్ ఇచ్చాం, కూలి పెంచాం. ఇంతకు ముందే చేయాల్సింది.

డివిడెండ్ షేరుకు 3 రూపాయల నుంచి రూపాయిన్నరకు తగ్గించాలని బోర్డు ప్రతిపాదిస్తోంది. ఈ డబ్బు మీద ఆధారపడ్డ పెద్దవాళ్లు ఈ హాల్లో ఉన్నారు, తెలుసు. కానీ ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. రొయ్యలకు అంతకు ముందు నుంచే ఉన్న యాంటీ డంపింగ్ వగైరా సుంకాలు దీనికి అదనం. మన సరుకులో సగానికి పైగా అక్కడికే పోతుంది. ఐరోపా, జపాన్ కొనుగోలుదారులతో మాట్లాడుతున్నాం. అయితే ఒక్క సీజన్‌లో మార్కెట్ మారిపోదు, అలా మాటివ్వను. అప్పటిదాకా చేతిలో కాస్త డబ్బు ఉండాలి.

నా జీతం ఈ ఏడాది పెంచవద్దని బోర్డును కోరాను, ఒప్పుకున్నారు.

ఇక తీర్మానాలు. మొదటిది ఆడిట్ అయిన లెక్కల ఆమోదం. ఓటింగుకు ముందు ప్రశ్నలు అడగండి. మైకు వెనక వరుస నుంచి మొదలుపెడదాం, పోయినసారి అక్కడికి చేరేలోపే టైమ్ అయిపోయింది.