కవరు మీద నాన్న రాత

రాజమండ్రిలో మా స్టూడియో ఖాళీ చేస్తుంటే డార్క్‌రూమ్ బల్ల సొరుగు వెనకాల దొరికింది. లోపల రీలు, కవరు మీద నాన్న రాత: ‘రామారావు మాస్టారు. పుష్కరాలు. 36.’

కాళ్లలో సత్తువ పోయింది. 2003 పుష్కరాలప్పుడు కడగడానికి సంచుల కొద్దీ రీళ్లు వచ్చేవి. అందులో ఇదొక్కటీ కనపళ్లేదు. మాస్టారి చేతిలో కొత్త రీలు పెట్టి క్షమించమన్నాను. “పోనీలేరా, మళ్లీ పుష్కరాలు రాకపోతాయా” అన్నారు. 2015లో వచ్చాయి. అప్పటికి అమ్మగారి మోకాళ్లు రేవు మెట్లు దిగనివ్వలేదు.

మాస్టారు పోయి ఇరవై రోజులైంది. పెద్దకర్మకి వేరే ఫొటో దొరక్క ఆధార్‌దే పెద్దది చేసిచ్చాను. పోలీసులు తీసిన ఫొటోలా ఉంది పాపం.

హైదరాబాద్‌లో ఇంకా రీళ్లు కడిగే కుర్రాడికి కొరియర్ చేశాను. ఆశ పెట్టుకోవద్దన్నాడు. ముప్పై ఆరులో పద్నాలుగు బతికాయి.

లైటు బల్ల మీద పరిచి భూతద్దం పెట్టి చూశాను. నెగటివ్‌లో నల్లజుట్టు తెల్లగా కనపడుతుంది కదా, అప్పటి అమ్మగారు అచ్చం ఇప్పటి అమ్మగారిలా ఉన్నారు. మాస్టారు ఒక్కదాంట్లోనూ లేరు. ఉంటారెలా, కెమెరా ఆయన చేతిలోనే ఉందాయె!

తడి చీరతో అమ్మగారు మెట్లెక్కుతున్నవి మూడు. అవి ఆయన తన కోసం తీసుకున్నవి, పక్కన పెట్టేశాను. కొడుకులిద్దరూ ఒకే తువ్వాలు చుట్టుకుని పళ్లికిలించినది ఒకటి. ఇప్పుడు వాళ్లకి మాటల్లేవు, కోర్టులో ఉన్నారు. దండ ఫొటో సైజు చెప్పడానికి కూడా ఎవరి మటుకు వాళ్లే వచ్చారు. దీన్ని వెయ్యాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. సర్దిచెప్పడానికి నేనెవర్ని? వెయ్యలేదు. నెగటివ్ మాత్రం కవర్లోనే ఉంచాను.

ఇరవై ఏడో నెంబరు దగ్గర ఆగిపోయాను. అమ్మగారు మెట్టు మీద కూర్చుని, ఒళ్లో పులిహోర పొట్లంతో, చెయ్యెత్తి ఎవరినో కేకలేస్తున్నారు. ఆవిడ పాదాల దాకా ఒక నీడ. రెండు మోచేతులూ బయటికి, మొహం దగ్గర కెమెరా, భుజం మీంచి ఏదో వేలాడుతోంది. ఇలా నీడ పడితే కస్టమర్లు ఒప్పుకోరని నాన్న కోసేయమనేవారు. అలవాటు కొద్దీ కొలతబద్ద పెట్టి, మళ్లీ తీసేశాను. ఎనిమిది బై పదిలో పూర్తిగా వేశాను.

సాయంత్రం తీసుకెళ్లి ఇచ్చి, ఎక్కడ దొరికిందో చెప్పేశాను. అమ్మగారు విన్నారో లేదో. కళ్లజోడు తుడుచుకుని తన మొహం కేసి చూసుకోనేలేదు. వేలు తిన్నగా నీడ మీదికి వెళ్లింది.

“కండువా జారిపోతోందండీ, చూసుకోండి అని అరుస్తున్నానిక్కడ. వింటేనా? ఫొటో ఫొటో అంటూ గోదాట్లో పారేసుకున్నారు. కొత్తది, నాయనా.”