పేరులోనే శుభం: చైనా కొత్త సంవత్సరపు భోజనం

[దృశ్యం: ఎర్ర లాంతర్లు వేలాడుతున్న గుమ్మం. బల్ల చుట్టూ కుటుంబం.]

నమస్కారం! మన ఉగాదిలాగే చైనా వాళ్ల కొత్త సంవత్సరం కూడా చంద్రుణ్ణి బట్టే వస్తుంది. 2026లో అది ఫిబ్రవరి 17న. అసలు విందు మాత్రం ముందు రోజు రాత్రే. ఎంత దూరంలో ఉన్నా ఆ భోజనానికి ఇల్లు చేరాలని చూస్తారు.

[దృశ్యం: తల, తోకతో సహా వండిన చేప.]

మన పచ్చడిలో అర్థం రుచిలో ఉంటుంది. వాళ్ల వంటల్లో చాలావరకు పేరు పలికే తీరులో ఉంటుంది. చేపను చైనీస్‌లో 'యూ' అంటారు. 'మిగులు' అనే మాట కూడా అలాగే వినిపిస్తుంది. అందుకే చాలా ఇళ్లలో చేప మొత్తం తినేయరు, కొంచెం మర్నాటికి ఉంచుతారు. ఏడాదంతా ఇంట్లో ఇంకా మిగిలి ఉండాలని! నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

[దృశ్యం: అమ్మమ్మ, మనవరాలు పిండి మడుస్తున్నారు.]

ఇవి జావ్‌జ. చూడటానికి మన కజ్జికాయల్లా ఉన్నా, లోపల మాంసం, క్యాబేజీ కూరుతారు. ఉత్తర చైనాలో ఇవి లేకుండా పండగ లేదు. ఆకారం పాతకాలపు వెండి, బంగారు ముద్దలది, అంటే సంపద. ఒకదానిలో నాణెం దాస్తారు. అది ఎవరికి దొరికితే ఆ ఏడాది అదృష్టం వాళ్లదే.

జిగురు బియ్యప్పిండితో చేసే 'న్యెన్ గావ్' ఏటేటా ఎదగాలని. పొడవాటి నూడుల్స్ నిండు ఆయుష్షుకి.

[దృశ్యం: గిన్నెలో తెల్లటి ఉండలు.]

పదిహేనో రోజు పున్నమి, లాంతర్ల పండగ. ఆ రాత్రి తినే గుండ్రటి తీపి ఉండలు 'థాంగ్ యువెన్', కుటుంబమంతా ఒక్కచోట చేరడానికి గుర్తు.