టీ స్టాల్ ఫ్రాంచైజీ: లెక్క ముందే చెబుతున్నాం

(కావలి ట్రంకు రోడ్డు, తెల్లవారుజాము. గిన్నెలో పాలు పొంగుతుంటాయి. యజమాని మంట తగ్గించి కెమెరా వైపు తిరుగుతాడు.)

నమస్కారమండీ. పెట్టుబడి 4.5 లక్షలు. కౌంటరు, పొయ్యి, గిన్నెలు, బోర్డు అందులోనే. షాపు అడ్వాన్సు మాత్రం మీదే. మీ కుర్రాళ్లకు పది రోజులు ఇక్కడే ట్రైనింగ్ ఇస్తాం. ఫుడ్ లైసెన్సు పని మేం చూస్తాం. టీ పొడి మా దగ్గరే కొనాలి, పాలు మీ ఊళ్లోవే.

(తెరపై లెక్క)

రోజుకు 300 టీలు, 12 రూపాయల చొప్పున నెలకు 1,08,000. పాలు, పొడి, చక్కెర 48,000. ఇద్దరి జీతాలు 24,000. అద్దె 9,000. గ్యాసు, కరెంటు 6,000. మిగిలేది 21,000. అదీ మీరు రోజూ కౌంటర్లో ఉంటేనే! రోహిణి కార్తెలో అమ్మకం పడిపోతుంది. పెట్టుబడి తిరిగి రావడానికి రెండేళ్లు దాటొచ్చు.

ఒకరోజు పొద్దున ఐదింటికి రండి, మాతో నిలబడి చూడండి. డబ్బు మాట తర్వాత.