పాముకాటు వెబినార్: మాట్లాడిన అయిదుగురికీ కృతజ్ఞతలు

అవనిగడ్డ
జూన్ 17, 2025

ఫిజీషియన్ డాక్టర్ గారికి, పాములు పట్టే అన్నయ్య గారికి, 108 టెక్నీషియన్ గారికి, ఆశా అక్కయ్య గారికి, నాట్ల ముఠా మేస్త్రమ్మ గారికి నమస్కారం.

దివిసీమలో నాట్లు మొదలయ్యేలోపే పాముకాటు గురించి అందరం ఒకచోట మాట్లాడుకోవాలన్న మా కోరికను మన్నించి, మొన్న జూన్ 14 శనివారం సాయంత్రం మీరంతా వచ్చారు. గంటంబావు అనుకున్నది రెండు గంటలు దాటినా ఒక్కరు కూడా మధ్యలో లేచి వెళ్ళలేదు. అందుకు మీకు మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. ఎవరి మాట మాకు ఎక్కడ పనికొచ్చిందో, దానితో ఏం చేయబోతున్నామో విడివిడిగా చెప్తేనే ఈ ఉత్తరానికి అర్థం ఉంటుంది. కాస్త పొడుగైనా చివరిదాకా చదవండి.

డాక్టర్ గారూ, మీరు చెప్పిన వాటిలో ఎక్కువమందిని కదిలించింది 20 నిమిషాల రక్త పరీక్ష. 2 మిల్లీలీటర్ల రక్తాన్ని కొత్త, పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారనీ, గడ్డకట్టకుండా నీళ్ళలా జారితే రక్తపింజరి లాంటి పింజరి జాతి పాము విషం పనిచేస్తోందని అర్థమనీ చూపించారు. ప్లాస్టిక్ గొట్టంలోనో, సబ్బుతో కడిగిన గొట్టంలోనో చేస్తే మంచి రక్తం కూడా గడ్డకట్టదని, అక్కడే లెక్క తప్పుతుందని చెప్పారు. ఈ మాట వినాల్సింది నర్సులు, ల్యాబ్ వాళ్ళే అనుకున్నాం. తీరా చూస్తే, రోగి వెంట వెళ్ళేవాళ్ళకే ఎక్కువ ఉపయోగపడింది. "సూది వెయ్యకుండా ఊరికే కూర్చోబెట్టారు" అన్న కోపంతోనే కదా చాలామంది మంచం మీది మనిషిని లేపి మంత్రగాడి దగ్గరికి తీసుకుపోయేది! ఆ 20 నిమిషాలు ఎందుకో తెలిస్తే ఎవరూ లేచిపోరు. రెప్పలు వాలుతున్నా, చిగుళ్ళ నుంచి రక్తం కారుతున్నా ఆ పరీక్ష కోసం ఆగకుండానే విరుగుడు మందు మొదలుపెడతామని మీరు కలిపి చెప్పడం ఇంకా మంచిదైంది.

"పిల్లాడికి సగం సీసాలు చాలవా?" అని చాట్‌లో ఒక తల్లి అడిగిన ప్రశ్నకు మీ జవాబును ఉన్నదున్నట్టు రాసుకున్నాం: పాము పిల్లాడని చూసి విషం తగ్గించదు, అందుకే పెద్దవాళ్ళకు మొదట ఇచ్చే 8 నుంచి 10 సీసాలే పిల్లలకూ ఇస్తారు. మందు ఎక్కుతుండగా దద్దుర్లు, వణుకు వస్తే భయపడి ఇంటికి తీసుకుపోవద్దనీ, కాసేపు ఆపి, తొడ కండకు అడ్రినలిన్ ఇచ్చి, తగ్గాక మళ్ళీ నెమ్మదిగా ఎక్కిస్తారనీ చెప్పారు. ఏమీ కానట్టు కనిపించినా కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలన్నారు. రక్తపింజరి కాటు తర్వాత మూత్రం తగ్గినా, రంగు మారినా కిడ్నీల గురించి ఆలోచించాలన్నారు. ఈ నాలుగు మాటలూ మేం వేయబోయే కరపత్రంలో మొదటి పేజీలోనే ఉంటాయి.

అన్నయ్య గారూ, కట్లపామునూ, దాన్ని పోలిన విషం లేని పామునూ పక్కపక్కన పెట్టి మీరు చూపించిన ఫోటోల దగ్గర చాలామంది స్క్రీన్‌షాట్లు తీసుకున్నారు. విషం లేనిదానికి పట్టీలు మెడ దగ్గర బాగా కనబడి తోకవైపు మాసిపోతాయి. కట్లపాముకు ముందువైపు పలచగా ఉండి తోకవైపు స్పష్టమవుతాయి. గుర్తుపట్టడం ఇంత బాగా నేర్పిన మీరే, చివరికి "గుర్తుపట్టడానికి దాని వెంట పడకండి" అన్నారు చూడండి, అసలు విలువైన మాట అది. దూరం నుంచి ఫోన్‌లో ఫోటో వస్తే సరే, రాకపోతే వదిలేయమన్నారు. మన దగ్గర దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి చేసిందని డాక్టర్ గారు వెంటనే అందుకోవడంతో, పామును చంపి సంచిలో తెచ్చే అలవాటుకు గట్టి సమాధానం దొరికింది. చచ్చిన పాము తల కూడా కాటేయగలదని మీరు చెప్పాక చాట్ కాసేపు ఆగిపోయింది.

టెక్నీషియన్ గారూ, మీకు ఇచ్చింది పది నిమిషాలే. అందులోనే చేయాల్సిన వరస మొత్తం చెప్పేశారు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వాపు రాకముందే తీసేయాలి. కాలు విరిగితే కట్టినట్టు కర్ర పెట్టి కదలకుండా చేయాలి. నడిపించకూడదు. వాంతి వస్తుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. కోయడం, నోటితో పీల్చడం, ఐస్ పెట్టడం, బిగించి తాడు కట్టడం వద్దు. బైకే దిక్కయితే రోగిని ఇద్దరి మధ్య కూర్చోబెట్టి వెనకవాళ్ళు పట్టుకోవాలన్న సలహా, అంబులెన్సు దిగలేని లంక దారుల్లో చాలామందికి అక్కరకొస్తుంది. ఎవరైనా అప్పటికే తాడు కట్టేసి ఉంటే దారిలో తెంపేయకుండా, ఆసుపత్రిలో మందు సిద్ధంగా పెట్టుకున్నాకే విప్పాలన్నది మాలో చాలామందికి కొత్త సంగతి. ఒక్కసారిగా విప్పితే ఆగిన విషం ఒంట్లోకి పోటెత్తుతుందని కారణం కూడా చెప్పారు కాబట్టి ఇక ఎవరూ మరిచిపోరు.

ఆశా అక్కయ్య గారూ, తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచిన మనిషికి గ్యాస్ మాత్ర ఇచ్చి పడుకోబెట్టే పొరపాటు గురించి మీరు చెప్పినప్పుడు, వింటున్న ఆశా కార్యకర్తల్లో ఎంతమంది తల ఊపారో మీరు చూసే ఉంటారు. కట్లపాము కాటు నొప్పి పెట్టదు, గాటు కనబడదు, వాపు రాదు. నేల మీద పడుకున్నారా, రెప్పలు బరువెక్కాయా, మింగడం కష్టంగా ఉందా, మాట ముద్దగా వస్తోందా అన్న మీ నాలుగు ప్రశ్నలను అట్టముక్క మీద అచ్చు వేయించి ప్రతి ఆశా సంచిలో పెట్టాలనుకుంటున్నాం. మంచం లేని ఇంట్లో దోమతెర అంచులను చాప కిందికి దోపి పడుకోవాలన్నది కూడా అందులో ఉంటుంది. ఖర్చు లేని జాగ్రత్త అది.

మేస్త్రమ్మ గారూ, ఆ సాయంత్రం మా ఆలోచనను సరిదిద్దింది మీరే. నాట్లప్పుడు అందరికీ గమ్ బూట్లు ఇప్పించాలని మేం ప్రతిపాదిస్తే, "మోకాలి లోతు బురదలో బూటు దిగబడితే కాలు వస్తుంది, బూటు రాదు" అన్నారు. బూట్లు అసలు కావాల్సింది గట్ల మీద నడిచేటప్పుడు, కోతలప్పుడు, కుప్ప విప్పేటప్పుడు అని మీరు విడదీసి చెప్పాక లెక్క మారింది. మనిషికో జత కాకుండా ముఠాకు ఆరు జతలు, రెండు మంచి టార్చిలైట్లు, గట్టు తట్టుకుంటూ పోవడానికి నాలుగు పొడవాటి కర్రలు అని రాసుకున్నాం. చీకటితో పొలానికి వెళ్ళేటప్పుడు ముందు నడిచేవాళ్ళ చేతిలోనే లైటు ఉండాలన్న మీ మాటను కూడా అలాగే పెట్టాం.

ఇక మీ నుంచి కోరేవి. రికార్డింగును నాలుగు చిన్న వీడియోలుగా కోశాం, ఈ మెయిల్‌తో పాటు పంపుతున్నాం. మీ ముఖం, గొంతు అందులో ఉండటం మీకు సమ్మతమేనా, ఏదైనా తీసేయాలా అన్నది జూన్ 25 బుధవారంలోగా చెప్పండి. మీ నుంచి మాట రాకుండా ఎవరి వీడియో బయటపెట్టం. కరపత్రం చిత్తుప్రతి కూడా జతచేశాం. డాక్టర్ గారు మందుల అంకెలు, టెక్నీషియన్ గారు ప్రథమ చికిత్స వరస, అన్నయ్య గారు పాముల బొమ్మలు చూస్తే చాలు. ఎవరి భాగం వాళ్ళకు పసుపు రంగులో గుర్తుపెట్టాం, పది నిమిషాలకు మించి పట్టదు. మేస్త్రమ్మ గారికి మెయిల్ అలవాటు లేదన్నారు కాబట్టి మేమే ఇంటికి వచ్చి చదివి వినిపిస్తాం. సమయం లేక జవాబు అందని ప్రశ్నలు తొమ్మిది ఉన్నాయి. వాటిని ఎవరికి చెందినవి వాళ్ళకు విడిగా పంపుతున్నాం. రాయడం కష్టమైతే వాయిస్ మెసేజ్ పెట్టండి, మేం రాసుకుంటాం.

ఈ పరిచయం ఒక్క సాయంత్రంతో ఆగిపోకూడదని మా ఆశ. మీరు ఒప్పుకుంటేనే, మీ అయిదుగురితో, మా బృందంలో ఇద్దరితో ఒక చిన్న వాట్సాప్ గ్రూపు పెడతాం. మీ నంబర్లు అక్కడి నుంచి బయటికి పోవు. రోగుల ఫోటోలు, పేర్లు అందులో పెట్టం. అత్యవసరంలో ఎవరైనా 108కే ఫోన్ చేయాలని, ఈ గ్రూపును అంబులెన్సులా వాడొద్దని మొదటి సందేశంగానే రాస్తాం. నాట్ల పనులు ఊపందుకునే వేళ జూలై 12 శనివారం సాయంత్రం 7 గంటలకు అరగంట ఫోన్ సమావేశం అనుకుంటున్నాం. ఆలోగా ఊళ్ళలో ఏం జరిగిందో, మా కరపత్రంలో జనానికి ఏ మాట అర్థం కాలేదో మాట్లాడుకుందాం. ఆ రోజు డ్యూటీ ఉన్నవాళ్ళు ముందే చెప్తే వేళ మారుస్తాం. కోతల ముందు కుప్పలు, గడ్డివాముల దగ్గర జాగ్రత్తల మీద మరో వెబినార్ ఉంటుంది. దానికి మేస్త్రమ్మ గారే మొదట మాట్లాడాలని మా అందరి కోరిక.

మన దేశంలో పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ ప్రణాళిక తెచ్చింది. మన సీమలో ఆ పని మీలాంటివాళ్ళ చేతుల మీదుగానే జరగాలి. మీకు మా వల్ల ఏ సాయం కావాల్సినా, అంటే మీ ఆసుపత్రి గోడకు పోస్టరు గానీ, ఆశా శిక్షణలో చూపడానికి వీడియో గానీ, అన్నయ్య గారు బడుల్లో మాట్లాడాలనుకుంటే హెడ్మాస్టర్లతో మాట కలపడం గానీ, ఒక్క మెసేజ్ పెట్టండి.

కృతజ్ఞతలతో,
వెబినార్ నిర్వహణ బృందం తరఫున
సమన్వయకర్త

తా.క.: డాక్టర్ గారూ, చిత్తుప్రతి రెండో పేజీలో విరుగుడు మందు ఎక్కించిన తర్వాత రక్త పరీక్ష మళ్ళీ 6 గంటలకు చేస్తారని రాశాం. గడ్డకట్టించే పదార్థాలను కాలేయం తిరిగి తయారు చేసుకోవడానికి అంత సమయం పడుతుందని మీరు చెప్పిన కారణాన్ని కూడా పక్కనే పెట్టాం. పెద్ద అక్షరాల్లో పడే వాక్యం కాబట్టి ముందు దాన్నొకసారి చూడండి.