హెచ్‌ఆర్ మేనేజర్ గారికి: నాలుగు వారాల వైద్య సెలవు (గోప్యం, మీరు మాత్రమే చదవవలసినది)

హైదరాబాద్,
27 అక్టోబర్ 2025

గౌరవనీయులైన మేడమ్ గారికి,

నమస్కారం. హెచ్‌ఆర్ మెయిల్ ఐడీని హెల్ప్‌డెస్క్‌లో అందరూ తెరుస్తారు కాబట్టి ఈ విషయం మెయిల్లో పెట్టలేక, కవరులో పెట్టి మీ చేతికే ఇస్తున్నాను.

నాకు జూదం వ్యసనం ఉంది. ఆన్‌లైన్ రమ్మీతో మొదలై క్రికెట్ బెట్టింగుల దాకా వచ్చింది. ఆగస్టులో కేంద్రం కొత్త చట్టం తెచ్చాక రమ్మీ యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. ఇక నేనూ బయటపడతానని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు, నేనూ అనుకున్నాను. యాప్ ఆగింది గానీ నా ధ్యాస ఆగలేదు. నిద్ర పట్టక, ఏ పని మీదా మనసు నిలవక సైకియాట్రిస్టును కలిశాను. ఇది బుద్ధి చెబితే పోయేది కాదని, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఉన్న సమస్యేనని, ఆస్పత్రిలో ఉండి కౌన్సెలింగ్, మందులు తీసుకోవాలని ఆయన చెప్పారు.

అందుకని నవంబర్ 10 నుంచి డిసెంబర్ 5 వరకు సెలవు ఇప్పించమని కోరుతున్నాను. మొత్తం 20 పనిదినాలు. నా ఖాతాలో ఉన్న 14 ఈఎల్, 6 సిక్ లీవులు దీనికి సరిపోతాయి. డిసెంబర్ 8, సోమవారం నాడు డ్యూటీలో చేరతాను. అక్టోబర్ నెల క్లోజింగ్ ముగించి, వెండర్ పేమెంట్ల ఫైళ్ళు అప్పజెప్పాకే వెళ్తాను.

ఇక గోప్యత సంగతి. పోర్టల్లో సెలవు పెడితే కారణం రాసే గడి మా టీమ్ క్యాలెండర్లో అందరికీ కనిపిస్తుంది. అక్కడ 'మెడికల్ లీవ్' అని మాత్రమే రాస్తాను, దయచేసి అలాగే ఆమోదించండి. డాక్టరు సర్టిఫికెట్లో కూడా ఇన్‌పేషెంట్ చికిత్స అవసరమనే ఉంది, జబ్బు పేరు లేదు. మా మేనేజర్ గారికి నేనే 'చిన్న ట్రీట్‌మెంట్' అని చెబుతాను. ఆయన మంచివారే, కానీ మనసులో మాట దాచుకోలేరు. ఆస్పత్రికి ఫోన్ చేసి అడిగినా వాళ్ళు ఏమీ చెప్పరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. గ్రూపు ఇన్సూరెన్సు క్లెయిములో మాత్రం జబ్బు పేరు రాయక తప్పదు. ఆ కాగితాలు ఆస్పత్రి నుంచి నేరుగా టీపీఏకి వెళ్తాయి. హెల్ప్‌డెస్క్‌కు కాపీ రాకుండా మీరు చూడగలిగితే నాకు పెద్ద టెన్షన్ తీరుతుంది.

నేను అకౌంట్స్‌లో ఉన్నాను కాబట్టి మీకు వచ్చే మొదటి అనుమానం నాకు తెలుసు. కంపెనీ డబ్బు ఒక్క రూపాయి కూడా ముట్టలేదు. నేను తయారుచేసిన పేమెంట్లన్నీ ఇంకొకరు ఆమోదించాకే వెళ్ళాయి. అయినా నా మాట మీదే ఉండనక్కర్లేదు, ఇంటర్నల్ ఆడిట్ చేయిస్తే సంతోషమే. సెలవుకు ముందే బ్యాంకు టోకెన్ అప్పగిస్తాను. తిరిగొచ్చాక కూడా కనీసం ఆరు నెలలు దాన్ని నాకివ్వకండి. ఆ మధ్యలో రికన్సిలియేషన్ పని ఇస్తే చేస్తాను.

ఇంకో మాట కొంచెం వింతగా అనిపించవచ్చు. ఇకపై నేను శాలరీ అడ్వాన్స్ అడిగితే, ఎంత బతిమాలినా ఇవ్వకండి. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదంటాను, స్కూలు ఫీజంటాను. అలాంటప్పుడు ముందు నా భార్యకు ఒక్క ఫోన్ చేయండి. నవంబర్ జీతం నుంచి డబ్బు ఆమె ఖాతాకే వెళ్ళేలా అంగీకార పత్రం జతచేస్తున్నాను.

లోన్ యాప్‌ల వాళ్ళు ఆఫీసు ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేసే అవకాశం ఉంది. రిసెప్షన్‌లో 'సెలవులో ఉన్నారు' అని చెప్పి పెట్టేస్తే చాలు. ఆ అప్పుల లెక్క మా బావగారు చూసుకుంటున్నారు. బెదిరించినా, బూతులు తిట్టినా నంబరు రాసి ఉంచమనండి, సైబర్ క్రైమ్ నంబరు 1930కి ఫిర్యాదు చేస్తాం.

తిరిగి వచ్చాక శనివారాలు కౌన్సెలింగ్ ఉంటుంది, దానికి సెలవు అక్కర్లేదు. ఐపీఎల్ మొదలయ్యాక క్యాంటీన్లో మనవాళ్ళు వేసుకునే వంద, రెండొందల పందేల గ్రూపులో మాత్రం నేను ఉండను. అది ఆపించమని అడగడం లేదు. ఆ గ్రూపు నుంచి నేను ఎందుకు బయటికొచ్చానని ఎవరైనా గుచ్చి అడిగితే మాట మార్చేయండి, చాలు.

ఆస్పత్రిలో ఫోన్ ఇవ్వరు. అత్యవసరమైతే నా పర్సనల్ ఫైల్లో ఉన్న నా భార్య నంబరుకు సాయంత్రం ఆరు తర్వాత చేయండి. ఈ ఉత్తరం గురించి మాట్లాడాలనుకుంటే ఈ వారంలో ఎప్పుడైనా లంచ్ టైములో మీ గదికి వస్తాను.

ఇట్లు,
మీ విధేయుడు,
కె. శ్రీనివాస్
అకౌంట్స్ విభాగం

జతపరచినవి: డాక్టరు సర్టిఫికెట్, జీతం ఖాతా మార్పు అంగీకార పత్రం