కత్తెర ముందా, రంగు ముందా?

గాజువాకలో ఉపాధ్యాయినిగా పనిచేస్తున్న ఒక ఆవిడ మొన్న ఎంవీపీ కాలనీలోని మా పార్లర్‌కు వచ్చారు. నడుము దాటిన జడలో అయిదు అంగుళాలు తగ్గించాలనీ, ముందుభాగంలో తెల్లబడ్డ జుట్టుతో సహా తల మొత్తానికి ముదురు గోధుమరంగు వేయాలనీ ఆవిడ కోరిక. ఫిబ్రవరి రెండో వారంలో వాళ్ళ అమ్మాయి పెళ్ళి. కుర్చీలో కూర్చుంటూనే, "ముందు రంగు వేసేయండమ్మా, తర్వాత తీరిగ్గా కత్తిరించవచ్చు" అన్నారు. వద్దని చెప్పి, ఎందుకు వద్దో వివరించాను. పద్దెనిమిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. వారానికి నలుగురైనా ఇదే ప్రశ్న అడుగుతారు కాబట్టి ఆవిడకు చెప్పినదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఎంత కత్తిరించబోతున్నామన్నదే ఇక్కడ నిర్ణయించే విషయం. రెండు అంగుళాలు, అంతకు మించి తీసేటప్పుడు కత్తెరే ముందు. చివర్లు సరిచేయడానికి అర అంగుళమో ఒక సెంటీమీటరో తీసేటప్పుడు మాత్రం రంగు వేసి, కడిగి, ఆరబెట్టిన తర్వాతే కత్తెర పట్టుకోవడం మేలు. రెండింటికీ మధ్యలో ఉన్న సందర్భాలను జుట్టు పరిస్థితిని చూసి తేల్చుకోవాలి.

పెద్దగా తగ్గించేటప్పుడు కత్తెర ముందుండాలనడానికి మొదటి కారణం ఖర్చు. నడుము దాటిన ఒత్తైన జుట్టుకు మేము వాడే 60 గ్రాముల ట్యూబులు రెండు చాలక మూడోది విప్పవలసి వస్తుంది, రంగు తేలేటట్టు చేసే ద్రవం, అంటే డెవలపర్ కూడా దానికి తగ్గట్టు కలపాలి. చీపురుతో ఊడ్చి పారేయబోయే అయిదు అంగుళాలకు రంగు పూయడం ఎవరి డబ్బునైనా నేలపాలు చేయడమే. నేను పని నేర్చుకున్న చోట ఒకసారి ఈ పొరపాటు నా చేతుల మీదుగానే జరిగింది. రంగు పూర్తయ్యాక ఆ అమ్మాయి మనసు మార్చుకొని భుజాల దాకా కత్తిరించమంది. ఏమీ ఆలోచించకుండా కత్తిరించాను. నేల మీద పడిన పాయలు తళతళలాడుతూ ఉంటే ఆమె వాటినే చూస్తూ ఉండిపోయింది. కత్తిరింపు గురించి ముందే అడగవలసిన బాధ్యత నాదని ఆ రోజు అర్థమైంది.

డబ్బు కన్నా ముఖ్యమైన కారణం జుట్టు స్వభావంలోనే ఉంది. వెంట్రుక నెలకు సుమారు ఒకటింబావు సెంటీమీటర్లు పెరుగుతుందనుకుంటే, నడుము దాకా ఉన్న జడ చివర కొన్నేళ్ళ వయసుది. ఎండ, ఉప్పుగాలి, దువ్వెన, వేడి యంత్రాలు అన్నిటినీ అది చూసింది. దాని పైపొర అక్కడక్కడా లేచిపోయి ఉండడం వల్ల రంగును ఆత్రంగా పీల్చుకొని, కుదుళ్ళ దగ్గరి కొత్త జుట్టు కన్నా ముదురుగా తేలుతుంది. మళ్ళీ పట్టుమని పది తలస్నానాలు కాకముందే వెలిసిపోతుంది. ఆ ఉపాధ్యాయిని జడ చివర ఒక పాయను కిటికీ వెలుగులో పట్టుకొని చూపించాను. పైన నల్లగా ఉన్న వెంట్రుకలు కింది నాలుగు అంగుళాల్లో ఎర్రబారి, కొసల్లో రెండుగా, కొన్ని మూడుగా చీలి, కొన్నిచోట్ల తెల్లటి చిన్న చుక్కల్లా విరిగే గుర్తులతో ఉన్నాయి. ఈ భాగాన్ని ఉంచుకొని ఒకే రంగు సమంగా రావాలంటే ఎంత మంచి రంగు కొన్నా సాధ్యం కాదు. దాన్ని తీసేస్తే సగం పని అయినట్టే.

అయితే ముందుగా కత్తిరించడంలో ఒక చిక్కు ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఎక్కువ పార్లర్లలో తలను షాంపూతో కడిగి, తడి మీదే కత్తిరిస్తారు. రంగుకు ముందు అదే పని చేస్తే మాడు మీద రక్షణగా ఉండే సహజమైన జిడ్డు పోయి మంట, దురద పెరుగుతాయి. నీళ్ళు కారే జుట్టు మీద పూసిన రంగు పలుచబడుతుంది కూడా. అందుకే రంగు వేసే రోజున నేను పొడి జుట్టునే, అవసరమైతే నీళ్ళు కొద్దిగా చిలకరించి, కత్తిరిస్తాను. తలస్నానం ముందురోజు చేసి రమ్మంటాను, ఆ తర్వాత నూనె పెట్టుకోవద్దంటాను. మన ఇళ్ళలో నూనె రాయకుండా బయటికి వెళ్ళడానికి మనసొప్పదు గానీ, కొబ్బరినూనెతో తడిసిన జుట్టుకు రంగు సమంగా పట్టదు. కత్తిరించాక మెడ మీద, చెవుల వెనక రాలిన చిన్న వెంట్రుకలను బ్రష్‌తో పూర్తిగా దులిపిన తర్వాతే రంగు గిన్నె ముట్టుకోవాలి.

చివర్లు మాత్రమే సరిచేసేటప్పుడు వరుస మారుతుంది. రంగు పడి, ఆరి, దువ్విన తర్వాతే జుట్టు అసలు ఆకృతి కంటికి కనబడుతుంది. తడిసినప్పుడు సాగి, ఆరాక కుదించుకుపోయే అలల జుట్టుకు ఇది మరీ ముఖ్యం. విశాఖలో గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. ఆర్కే బీచ్ రోడ్డు మీద అరగంట నడిస్తే చాలు, అలల జుట్టు ఉబ్బి పైకి లేస్తుంది. తడి మీద అర అంగుళం తీసిన చోట, ఆరాక అంగుళం తగ్గినట్టు అనిపిస్తుంది.

లేత రంగులు, హైలైట్ల విషయం వేరు. వాటికి జుట్టులోని సహజ వర్ణాన్ని బ్లీచ్‌తో తొలగించాలి. ఇక్కడ నేను కత్తెరను రెండుసార్లు వాడతాను. ముందుగా పొడవు, లేయర్లు, నుదుటి మీది ముంగురులు ఎక్కడ ఆగుతాయో తేలేటట్టు కోత పూర్తిచేస్తాను, ఎందుకంటే లేత పాయ ముఖం పక్కన ఎక్కడ పడాలన్నది ఆ కోత మీదే ఆధారపడుతుంది. హైలైట్లు వేశాక లేయర్లు కత్తిరిస్తే ఎంతో జాగ్రత్తగా పెట్టిన వెలుగంతా నేల మీదే ఉంటుంది. బ్లీచ్ అయిన తర్వాత గరుకుగా మారిన కొసలను మాత్రం చివరగా మరో పావు అంగుళం తీసేస్తాను. రేజర్‌తో పలుచన చేస్తే కొసలు బలహీనపడతాయి కాబట్టి అది నాకు ఇష్టం లేదు. కత్తెర కోతే శుభ్రంగా నిలుస్తుంది.

ఏళ్ళ తరబడి గోరింటాకు పెట్టుకున్నవారు వస్తే ఆ సంగతి ముందే చెప్పాలని బతిమాలుతాను. గోరింట ఎరుపు వెంట్రుకలో దిగిపోయి ఉంటుంది, దాని మీద వేసిన రంగు జుట్టును లేతగా చేయదు. పైగా నల్ల హెన్నా పేరుతో అమ్మే కొన్ని పొడుల్లో ఉండే లోహ లవణాలు డెవలపర్‌లోని పెరాక్సైడ్‌తో కలిస్తే వేడెక్కి జుట్టు పాడయ్యే ప్రమాదం ఉంది. అటువంటప్పుడు కత్తిరించి తీసిన పాయనే గిన్నెలో వేసి పరీక్షించి చూస్తాను. ముందు కత్తిరించడం వల్ల కలిగే లాభాల్లో ఇదొకటి.

ఇక ఎన్నాళ్ళకోసారి అన్న సంగతి. తెల్లజుట్టు కప్పుకొనేవారికి కుదుళ్ళ దగ్గర టచప్ నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి అవసరమవుతుంది. ఆరు వారాలకు దాదాపు ఒకటిముప్పావు సెంటీమీటర్ల తెలుపు పాపిటలో కనబడుతుంది. పొడవైన జుట్టుకు ప్రతి టచప్‌తో పాటు కత్తెర అవసరం లేదు; ఒకటి వదిలి ఒకటి, అంటే 12 వారాలకు ఒకసారి, ఒక సెంటీమీటరు తీస్తే చాలు. ఆ 12 వారాల్లో సుమారు మూడున్నర సెంటీమీటర్లు పెరుగుతుంది కనుక, కత్తిరించినా రెండున్నర మిగులుతుంది, జడ పొడవు తగ్గిందన్న బాధ ఉండదు. భుజాల పైకి ఉండే పొట్టి కోతలకు, మగవారి జుట్టుకు మాత్రం నాలుగైదు వారాలకే ఆకృతి చెదురుతుంది. వారికి కోత, రంగు ఒకే రోజు, ఆ వరుసలోనే చేయడం సులువు.

టచప్ అంటే కొత్తగా పెరిగిన భాగానికి మాత్రమే రంగు. ప్రతిసారీ అదే రంగును జడ చివరిదాకా లాగితే పొర మీద పొర పేరుకొని, చివర్లు కాటుకలా నల్లబడి కాంతిలేకుండా పోతాయి. అప్పుడు ఆ ముదురును వదిలించడానికి కత్తిరించడమే మిగిలిన దారి. వెలిసిన చివర్లకు అమ్మోనియా లేని తేలికపాటి రంగును కాసేపు ఉంచితే చాలు. ఇంట్లోనే రంగు వేసుకునేవారు చివర్లు ఎక్కువగా తీయించుకోవాలనుకుంటే ముందు పార్లర్‌లో కత్తిరించుకొని, రెండు మూడు రోజుల తర్వాత రంగు వేసుకోవాలి. కత్తెర ఎప్పుడైనా, రంగుకు 48 గంటల ముందు చెవి వెనక అలెర్జీ పరీక్ష మానకూడదు. నల్లరంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి ఏళ్ళ తరబడి వాడాక కూడా ఒక్కసారిగా పడకుండా పోతుంది.

మొక్కులు ఉన్నవారు ముందు మొక్కు తీర్చుకొని రావడం మంచిది. సింహాచలంలో తలనీలాలు ఇచ్చేవారి సంగతి చెప్పనే అక్కర్లేదు గానీ, మూడు కత్తెర్లు ఇచ్చే ఆడవారు కూడా రంగుకు ముందే ఇస్తే, కోత సరిచేసే పని, రంగు పని ఒకే రోజు అయిపోతాయి.

ఆ ఉపాధ్యాయినికి వెనక నుంచి లెక్కవేసి తేదీలు రాసిచ్చాను. అలెర్జీ పరీక్ష ఆ రోజే చేశాను. నవంబరు 5న అయిదు అంగుళాల కోత, దాని వెంటనే తలంతా రంగు. డిసెంబరు 17న కుదుళ్ళ టచప్ మాత్రమే, కత్తెర లేదు. జనవరి 28న టచప్, ఆరాక ఒక సెంటీమీటరు ట్రిమ్. సంక్రాంతికి ముందే వేయించుకుంటానని ఆవిడ అన్నారు. భోగినాడు నూనెతో తలంటు, కుంకుడు రసంతో స్నానం తప్పవు కదా, ఆ రుద్దుడుకు కొత్తరంగు త్వరగా వెలుస్తుంది కాబట్టి పండగ దాటాకే రమ్మన్నాను. జనవరి చివరలో వేసిన రంగుకు పెళ్ళినాటికి పది పన్నెండు రోజులు గడిచి, మొదటి పదును తగ్గి, నుదుటి అంచున అంటిన మరక కూడా పోయి ఉంటుంది.

అమ్మాయి పూలజడ గురించి కూడా అడిగారు. పెళ్ళికూతురికి ఇప్పుడు కొసలు తప్ప మరేమీ కత్తిరించవద్దనీ, జడకు కట్టే సవరాన్ని ఆమె జుట్టుకు రంగు వేసిన తర్వాతే, పగటి వెలుగులో పాయ పక్కన పెట్టి చూసి కొనమనీ చెప్పాను. జనవరి 28న వచ్చేటప్పుడు ఆ సవరాన్ని కూడా సంచిలో పెట్టుకొని తెస్తామన్నారు.